మిర్చి కల్లంలో డిజైన్ థింకింగ్: సోలార్ డ్రయ్యర్ ప్రాజెక్టులో ఏ దశకు వెనక్కి వెళ్లాలి?

లాంరోడ్డు_టీమ్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. మేము గుంటూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నలుగురం. ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సులో భాగంగా డిజైన్ థింకింగ్ అయిదు దశల్లో ఒక ప్రాజెక్టు పూర్తి చేయాలి: వాడేవారిని దగ్గరగా తెలుసుకునే ఎంపథైజ్, సమస్యను తేల్చుకునే డిఫైన్, ఆలోచనలు రాసుకునే ఐడియేట్, నమూనా కట్టే ప్రోటోటైప్, దాన్ని వాడించి చూసే టెస్ట్. మిర్చి రైతులకు చవకైన సోలార్ డ్రయ్యర్ తయారు చేసి అమ్మాలన్నది మా ఆలోచన. ఒక్కో విడతకు 25 కిలోల పండు కాయ పట్టే నమూనా బొమ్మ గీసుకున్నాం, ప్లైవుడ్, పాలికార్బనేట్ షీటు ధరలు కూడా కనుక్కున్నాం. ఎంపథైజ్ దశ కోసం ప్రత్తిపాడు వైపు కల్లాలకు వెళ్లి రైతులను ప్రశ్నావళితో కలిశాం. "వానకు కాయ తడవకుండా త్వరగా ఎండబెట్టే యంత్రం ఇస్తే వాడతారా?" అని అడిగితే దాదాపు అందరూ వాడతామనే చెప్పారు.

నమూనా తయారీకి డబ్బు అడిగినప్పుడు మా సమీక్షకులు ఒకే ప్రశ్న వేశారు: "ఇది ఎవరి సమస్య? ఆ మనిషి ఈ సీజన్‌లో దాని గురించి ఇప్పటికే ఏం చేస్తున్నాడు?" మా దగ్గర ఉన్న జవాబులు ఆయనకు చాలలేదు. ఇంకొన్ని వారాల్లో కోతలు అయిపోయి కల్లాలు ఖాళీ అవుతాయి. ఈలోగా మొదటి దశకు తిరిగి వెళ్లాలా, లేక నమూనా తయారు చేసి టెస్ట్ దశలోనే విషయం తేల్చుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఆటోనగర్_వర్క్‌షాప్ (విజయవాడ)

తమ్ముడూ, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అయిదు దశలు వరుసగా ఉన్నాయంటే వరుసగా నడవమనే. రైతులు కావాలన్నారు కాబట్టి ఎంపథైజ్ అయిపోయింది. వానకు కాయ పాడవుతోంది కాబట్టి డిఫైన్ కూడా అయిపోయింది. ఇప్పుడు వెనక్కి వెళితే సీజన్ చేజారుతుంది. నమూనా కట్టండి, దానికి చిన్న బ్లోయర్ పెట్టండి, లోపల ఎంత వేడి వస్తోందో, ఎన్ని గంటల్లో ఎండుతోందో కొలవండి. మా వర్క్‌షాపులో ఏ పనిముట్టు అయినా చేతిలోకి వచ్చాకే దాని లోపాలు తెలుస్తాయి. కాగితం మీద ఎంత చర్చించినా అవి బయటపడవు.

శారద_డిజైన్ (విజయవాడ)

నేను విజయవాడలో ప్రోడక్ట్ డిజైన్ బోధిస్తాను. వస్తువు చేతిలోకి వచ్చాకే లోపాలు తెలుస్తాయన్న మాట నిజం. అయితే ఏ వస్తువు తయారు చేయాలో తేలకముందు ప్లైవుడ్ కొంటే, తయారైన వస్తువు బాగా పనిచేస్తోందన్న సంగతి మాత్రమే తెలుస్తుంది. అది ఎవరికైనా అవసరమా అన్నది తెలియదు. ఈ అయిదు దశల నమూనాను ప్రాచుర్యంలోకి తెచ్చిన స్టాన్‌ఫోర్డ్ డి.స్కూల్ వారు కూడా వీటిని ఒకసారి ఎక్కి దిగిపోయే మెట్లుగా చెప్పలేదు. టెస్ట్‌లో తెలిసిన విషయం మనల్ని మళ్లీ డిఫైన్‌కు, ఒక్కోసారి ఎంపథైజ్‌కు పంపుతుంది.

ముందుగా మీ డ్రయ్యర్ లెక్క చూడండి. ఎకరంలో ఒక కోతకు 5 క్వింటాళ్ల ఎండు కాయ వస్తుందనుకుందాం. నాలుగు కిలోల పండు కాయకు ఒక కిలో ఎండు కాయ చొప్పున చూస్తే, కల్లంలోకి వచ్చే పండు కాయ సుమారు 20 క్వింటాళ్లు, అంటే 2,000 కిలోలు. మీ పెట్టెలో విడతకు 25 కిలోలు పడితే 80 విడతలు కావాలి. విడతకు రెండు రోజులు పట్టినా 160 రోజులు. కల్లంలో అదే సరుకు మంచి ఎండకు రెండు వారాల లోపే ఎండుతుంది. ఈ లెక్కకు నమూనా కట్టనవసరం లేదు, ఒక రైతు కల్లం పక్కన నిలబడి రాశిని చూస్తే చాలు.

రైతులు వాడతామన్నారని రాశారు. ఎదుటివాళ్లు చదువుకునే పిల్లలు, వాళ్లు చూపుతున్నది ఉచితంగా వచ్చే మేలు. అలాంటప్పుడు వాడనని ఎవరూ అనరు. మీ ప్రశ్న రాబోయే కాలం గురించి, పైగా జవాబు దానిలోనే ఉంది. దానికి బదులు జరిగిపోయిన పనిని అడగండి: "కిందటి కోత కాయను ఏ రోజు కుప్ప చేశారు? ఆ రోజే ఎందుకు? ఎవరు నిర్ణయించారు? బస్తాకెత్తాక యార్డులో ఏమన్నారు?" ఇవి అడుగుతున్నప్పుడు మీ డ్రయ్యర్ మాట నోట రాకూడదు. ఇంకొక పని, పగటిపూట కాకుండా సాయంత్రం నాలుగు నుంచి చీకటిపడే వరకు ఒకే కల్లంలో కూర్చోండి. మనుషులు చేతులతో ఏం చేస్తున్నారో రాసుకోండి. వాళ్లు చెప్పేదానికీ చేసేదానికీ తేడా కనిపించిన చోటే మీ ప్రాజెక్టు ఉంటుంది.

చేబ్రోలు_రైతు

నేను ముప్పై ఏళ్లుగా మిర్చి వేస్తున్నాను. మేడమ్ గారు చెప్పిన లెక్క సరైనదే. ఇలాంటి పెట్టెలు ఇంటి వాడకానికి పనికొస్తాయి కానీ పంటకు చాలవు. వానకన్నా మమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టేది మంచు. సాయంత్రం బరకాలు కప్పాలి, పొద్దున పొద్దెక్కాక తీయాలి. తడి ఆరకముందే తీసినా, కప్పు కింద ఉక్క పట్టేదాకా ఉంచినా కాయ రంగు పోతుంది, తాలు పెరుగుతుంది. కూలీ దొరకని రోజున ఇంటిల్లిపాదీ అదే పని.

అయినా బాబూ, నన్నడిగితే అసలు సమస్య రేటు ఒక్కటే. కాయ ఎంత బాగా ఎండినా యార్డులో ధర లేకపోతే చేసేదేముంది? మీరు చదువుకున్నవాళ్లు కదా, రైతు నేరుగా ఎగుమతిదారుకు అమ్ముకునేలా ఒక యాప్ చేయండి. ఎండబెట్టడం మాకు తెలుసు.

లాంరోడ్డు_టీమ్

మేడమ్, బాబాయి గారు, మీరు చెప్పినట్టే ఒక కౌలు రైతు కుటుంబం కల్లంలో సాయంత్రాలు కూర్చున్నాం. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

రెండున్నర ఎకరాల కౌలు, కల్లం స్థలం కూడా అద్దెదే. సాయంత్రం అయిదు దాటాక ఆ ఇంటి పెద్దావిడ రాశి చుట్టూ ఒకసారి తిరిగి, పాదంతో కాయను పక్కకు నెట్టి, అడుగు నుంచి నాలుగైదు కాయలు తీశారు. చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు విన్నారు. తర్వాత ఒక్కొక్క కాయను తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కారు. రెండు కాయలు పెళుసుగా విరిగాయి, ఒకటి మెత్తగా వంగింది. "ఇంకో రెండెండలు పడాలి" అన్నారు. వాళ్లబ్బాయి మాత్రం రేపే ఎత్తేద్దామన్నాడు. లారీ ఎల్లుండి వస్తుంది, వెనుక కోత కాయకు కల్లంలో చోటు కావాలి, రాత్రి కాపలా కూడా అతనిదే. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి సగం రాశి ఎత్తారు, సగం ఉంచారు.

మా ప్రశ్నావళిలో ఈ వాదనకు చోటే లేదు. కాయ ఎండబెట్టడం వాళ్లకు తెలుసు. ఎండిందా లేదా అన్న నిర్ణయం దగ్గరే ఇంట్లో ఇద్దరి మాట కలవలేదు. ఇదే సంగతి మరో రెండు కల్లాల్లో కూడా విన్నాం. ఒకచోట నిమ్ము ఉండగానే కోల్డ్ స్టోరేజీకి వెళ్లిన బస్తాల్లో కొన్నిటికి బూజు పట్టిందని చెప్పారు.

మగ్గం_మంగళగిరి

డిజైన్ గురించి చర్చ కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మా ఇంట్లో చీరల నేత. మా చెల్లెలు కాలేజీ ప్రాజెక్టుగా మంగళగిరి చీరలకు కొత్త అంచు డిజైన్లు గీసి, అందమైన పెట్టెలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మింది. మీరూ మిర్చిని పొడి కొట్టించి, మంచి ప్యాకెట్ డిజైన్ చేయించి, గుంటూరు పేరుతో అమ్మితే విలువ పెరుగుతుంది. ప్యాకెట్ మీద రంగులు బాగుంటే సగం అమ్మకం అయినట్టే. మా చెల్లెలు ముందు పది రకాల అంచులు కాగితం మీద గీసి, దుకాణానికి వచ్చే ఆడవాళ్ల ముందు పరిచి, ఏది చేతిలోకి తీసుకుంటున్నారో చూసి రెండే నేయించింది.

శారద_డిజైన్

మగ్గం గారు, ఈ పిల్లల ప్రశ్న ప్యాకెట్ రూపకల్పన గురించి కాదు. కానీ మీ చెల్లెలు గారు చేసింది చక్కని ప్రోటోటైప్, చక్కని టెస్ట్. ఏది బాగుందని అడగకుండా ఏది చేతిలోకి తీసుకుంటున్నారో చూశారు. నేతకు నూలు ఖర్చు పెట్టకముందే కాగితంతో విషయం తేల్చుకున్నారు. ఈ పద్ధతి ముందుముందు వీళ్లకు పనికొస్తుంది.

లాంరోడ్డు టీమ్‌కు: ఇప్పుడు మీరు డిఫైన్ దశలో ఉన్నారు. సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. "మిర్చి రైతులకు మెరుగైన ఆదాయం కావాలి" అని రాస్తే దానికి యాప్, ప్యాకెట్, డ్రయ్యర్, బీమా ఏదైనా సమాధానమే. అంటే ఆ వాక్యం దేన్నీ కాదనడం లేదు. చేబ్రోలు రైతు గారు చెప్పిన రేటు సమస్య నిజమే అయినా, అది నలుగురు విద్యార్థులు ఒక సీజన్‌లో కల్లం పక్కన నిలబడి మార్చగలిగేది కాదు. "మిర్చి రైతులకు చవకైన తేమ మీటరు కావాలి" అని రాస్తే సమస్య స్థానంలో పరిష్కారాన్నే రాసినట్టు. అక్కడ ఆలోచించడానికి ఏమీ మిగలదు.

మీరు చూసినదాన్ని బట్టి నేనైతే ఇలా రాస్తాను: "అద్దె కల్లంలో ఎండబెట్టుకునే కౌలు రైతు కుటుంబానికి, లారీ రాకముందు సాయంత్రమే, ఈ రాశి ఎత్తవచ్చా అన్నది ఇంట్లో అందరూ ఒప్పుకునేలా తేల్చుకునే దారి కావాలి. ఎందుకంటే తొందరపడితే నిమ్ము, ఆలస్యమైతే చోటు, కాపలా, బరువు నష్టం." ఈ వాక్యంలో మనిషి, సమయం, కారణం ఉన్నాయి, యంత్రం లేదు.

ఒక సంగతి మాత్రం మీరింకా పరిశీలించలేదు. పూర్తిగా ఎండబెట్టడం వల్ల లాభం ఎవరికి? 14 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయలో పొడి పదార్థం 86 కిలోలు. దాన్ని 10 శాతానికి ఎండబెడితే బరువు సుమారు 95.6 కిలోలకు దిగుతుంది, అంటే క్వింటాకు 4.4 కిలోలు పోతుంది. క్వింటా ధర 15,000 రూపాయలు అనుకుంటే అది 660 రూపాయలు. నిమ్ముందని కొనేవారు తగ్గించే ధర అంతకన్నా తక్కువైతే, ఆ రైతుకు ఎండబెట్టడమే నష్టం. యార్డు తీరు తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పాలి.

యార్డు_గుమస్తా (గుంటూరు)

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మేడమ్ గారి లెక్క కాగితం మీద సరిపోతుంది కానీ అక్కడ జరిగేది కొంత వేరు. కొనేవారు బస్తా కోసి మచ్చు తీసి, గుప్పిట్లో పట్టి, రంగు, తాలు, నిమ్ము మూడూ కలిపి ఒకే ధర చెబుతారు. నిమ్ముకు ఇంత తగ్గించామని విడిగా చెప్పరు. అందువల్ల నిమ్ము వల్ల ఎంత పోయిందో రైతుకు ఎప్పటికీ తెలియదు.

ఇంకొక ముఖ్యమైన మాట. బాగా ఎండిన కాయను అలాగే బస్తాలో తొక్కితే విరిగిపోతుంది. అందుకని చాలామంది బస్తాకెత్తే ముందు కాయ మీద నీళ్లు చల్లుతారు. విరగకుండా ఉండడానికని కొందరు, తూకం కోసమని కొందరు. కల్లంలో మీరు ఎంత కచ్చితంగా తేమ కొలిచినా, ఆ తర్వాత చల్లిన నీళ్లు మీ కొలతలో ఉండవు. అప్పటికప్పుడు అమ్మే సరుకు అయితే పెద్దగా పట్టింపు ఉండదు. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండే ఏసీ సరుకుకు అదే ప్రమాదం.

లాంరోడ్డు_టీమ్

సార్, నీళ్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మీ మాటతో మా సమస్య వాక్యాన్ని మళ్లీ మార్చుకున్నాం. కాయ వెంటనే అమ్మేవారు, ధర కోసం నిల్వ పెట్టేవారు అని రైతులను రెండుగా విడదీశాం. నిల్వ పెట్టేవారిలో, బస్తా కుట్టే ముందు క్షణం వరకు, అన్నది ఇప్పటి మా పరిధి.

ఐడియేట్‌లో చాలా రాసుకున్నాం: రెండు వర్ణాల నమూనా కాయల పలక, తేమ మీటరుతో ఊరూరా తిరిగే మనిషి, నీళ్లకు బదులు తెల్లవారుజామున మంచు మెత్తదనంలో బస్తాకెత్తడం, బస్తాలో వేసే సూచిక కార్డు, ఇంకా కొన్ని. వీటిలో మూసిన డబ్బాలో గుప్పెడు కాయలు వేసి, లోపలి గాలి తేమ చూపే పరికరాన్ని ఎంచుకున్నాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వారు డ్రైకార్డ్ అని ఇదే సూత్రం మీద ఒక చవకైన కార్డు రూపొందించారని చదివాం. కాయను కాకుండా దాని చుట్టూ ఉన్న గాలిని కొలవడం సరైనదేనా?

ఆహార_ప్రయోగశాల (గుంటూరు)

సూత్రం సరైనదే. మూసిన డబ్బాలో కాయ తన తేమను గాలికి ఇచ్చి కొంతసేపటికి సమతుల్యానికి వస్తుంది. అప్పుడు గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం లోపు ఉంటే బూజు పెరగడం దాదాపు ఆగిపోతుంది. నిల్వకు సంబంధించినంత వరకు కాయలో తేమ ఎంత శాతం ఉందన్నదానికన్నా ఇదే సూటి సమాధానం. ఎండు మిర్చిలో తేమ 11 శాతానికి మించకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం. ఆ శాతం నిర్ధారించడానికి ప్రయోగశాలలో టోలుయిన్‌తో స్వేదనం చేస్తాం. మామూలు ఓవెన్‌లో ఎండబెడితే కాయలోని ఆవిరయ్యే నూనెలు కూడా పోయి, అదంతా తేమగానే లెక్కకు వస్తుంది. మీ డబ్బా చూపే ఆర్ద్రతకు, మా తేమ శాతానికి మధ్య సంబంధాన్ని తేజ, 334 వంటి రకాలకు వేర్వేరుగా సరిచూసుకోవాలి.

జాగ్రత్తలు మూడు చెబుతాను. బజారులో దొరికే చవక హైగ్రోమీటర్లలో 5 శాతం అటూఇటూ తేడా మామూలే, కాబట్టి 60 నుంచి 70 మధ్య చూపితే అది తీర్పు కాదు. రంగు మారే కాగితంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటే అది కాయకు తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బాను ఎండలో పెట్టకూడదు. కాయలకన్నా ముందే గాలి వేడెక్కి, ఆర్ద్రత కాసేపు తక్కువగా కనిపిస్తుంది. నిమ్ము కాయ ఎండిన కాయగా కనబడడం చాలా ప్రమాదం. కాయలను తుంచి వేసి, నీడలో ఉంచి, అంకె మారడం ఆగేదాకా చూడండి. గంట దాటవచ్చు.

ఆటోనగర్_వర్క్‌షాప్

ఇంతేనా? గాలి చొరబడని డబ్బా, హైగ్రోమీటరు అయితే నేను సాయంత్రంలోగా మూత బిగించి ఇస్తాను. మూతకు రబ్బరు వాషరు వేయాలి, లేకపోతే బయటి గాలి చేరి మీ కొలత అంతా వృథా. టెస్ట్‌లో ఎలా పనిచేస్తోందో రైతులనే అడిగి మార్కులు వేయించుకోండి.

శారద_డిజైన్

వాషరు సలహా తప్పక తీసుకోండి. మార్కులు మాత్రం వేయించుకోవద్దు. ఇంటికొచ్చిన పిల్లలకు ఎవరూ తక్కువ మార్కులు వేయరు.

డబ్బా ఇచ్చి, దేనికో ఒక్క వాక్యంలో చెప్పి, పక్కకు జరగండి. ఎలా వాడాలో చూపవద్దు. తప్పుగా వాడుతున్నా సరిదిద్దవద్దు, ఎందుకంటే మీరు లేని రోజున జరిగేది అదే. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి, ఇంకొకరు అదే కాయల మచ్చును సీలు చేసి ప్రయోగశాలకు పంపాలి. వెళ్లేముందే కాగితం మీద రాసుకోండి: ఏం జరిగితే ఈ ఆలోచన నిలబడినట్టు, ఏం జరిగితే వదిలేయాలి. డబ్బా అంకె చూసి ఆ కుటుంబం నిజంగా బస్తాకెత్తడం వాయిదా వేసిందా, లేక అంకెను మెచ్చుకుని ముందు అనుకున్నదే చేసిందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఎంబ్రేస్ అనే నవజాత శిశువుల వెచ్చదనపు సంచి కథలో దీనికి దగ్గరి సంగతి ఒకటి ఉంది. అది 2007లో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థుల కోర్సు ప్రాజెక్టుగా మొదలైంది. చవక ఇంక్యుబేటరు కోసం బయలుదేరినవారు, పిల్లలు ఆసుపత్రికి దూరంగా పుడుతున్నారని తెలుసుకుని విద్యుత్తు లేకుండా వెచ్చగా ఉంచే సంచివైపు తిరిగారు. తర్వాత మన దేశంలో పరీక్షిస్తున్నప్పుడు, ఉష్ణోగ్రత అంకె చూపితే కొందరు తల్లులు జాగ్రత్త కోసమని చెప్పినదానికన్నా తక్కువ వేడి పెట్టే అవకాశం ఉందని తేలింది. దాంతో అంకె తీసేసి, సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చూపే సూచికను పెట్టారు. మీ 65 అంకెను రైతు ఎలా చదువుతాడో మీకూ తెలియదు.

లాంరోడ్డు_టీమ్

టెస్ట్ పూర్తయింది. నిల్వకు పంపే కుటుంబాల దగ్గరే చేశాం.

మొదటిచోట ఆ ఇంటాయన రాశి పైనుంచి గుప్పెడు కాయలు తీసి డబ్బాలో వేసి, డబ్బాను రాశి మీదే ఎండలో పెట్టారు. పది నిమిషాల్లో అంకె 58కి దిగింది, "ఎండింది" అన్నారు. మేము రాసుకుంటూ ఉండగానే పెద్దావిడ వచ్చి అడుగు కాయ తొడిమ నొక్కి, "ఎండలేదు" అన్నారు. ఆవిడ మాటే నెగ్గింది, ఎత్తలేదు. తర్వాత అడుగు కాయను నీడలో ఉంచి చూస్తే అంకె 74 దగ్గర ఆగింది. ప్రయోగశాల మచ్చు కూడా అడుగు కాయకు 13 శాతం పైనే తేమ చూపింది. అంటే పరికరం సరిగ్గానే ఉంది, కాయ తీసిన చోటు, పెట్టిన చోటు తప్పు.

రెండోచోట అంకె 66 అని ఆగింది. ఇంట్లో ఒకరు 65కి ఒక్కటే కదా ఎక్కువ అన్నారు, ఇంకొకరు దాటింది కదా అన్నారు. వాదన తీరుస్తుందనుకున్న డబ్బా దగ్గర కొత్త వాదన మొదలైంది. అంకెలు కనబడకుండా స్టిక్కరు అంటించి, మూడు రంగుల పట్టీ మాత్రం కనిపించేలా మార్చి ఇచ్చాం. మధ్య రంగు చూసినవారు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంకో ఎండకు ఉంచారు. డబ్బాకు తోడుగా అడుగు, మధ్య, పై భాగాల నుంచి కాయ తీయడానికి మూడు అరల చిన్న జల్లెడ ఇస్తే, అడుగు అర ఖాళీగా వదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ అరే వాళ్లను అడుగుదాకా తీసుకెళ్లింది.

ఒక కుటుంబం మాత్రం డబ్బా ఎండిందని చూపాక, మా ముందే నీళ్లు చల్లి బస్తాకెత్తింది. విరగకుండా ఇంకేం చేయమంటారని అడిగారు. దానికి మా దగ్గర సమాధానం లేదు.

చేబ్రోలు_రైతు

బాబూ, ఆ నీళ్ల దగ్గరే మీ పని ఉంది. తెల్లవారుజామున కాయ కాస్త మెత్తబడ్డప్పుడు ఎత్తితే చల్లాల్సిన పని తగ్గుతుంది. మా నాన్నగారి రోజుల్లో అలాగే ఎత్తేవారు. ఇప్పుడు కూలీలు ఎనిమిదింటికి గానీ రారు. ఇక డబ్బా ఎంత? వెయ్యి రూపాయలైతే నేను కొనను. పెద్దవాళ్ల బొటనవేలు ఇంట్లో ఉచితంగానే ఉంది. అయితే నా కొడుకు కాయ పట్టి చెప్పలేడు, ఆ మాట కూడా నిజం.

యార్డు_గుమస్తా

రైతు కొననక్కర్లేదు. బూజు పడితే గొడవ కోల్డ్ స్టోరేజీ వారి మెడకూ చుట్టుకుంటుంది, సరుకు మీద అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారి డబ్బూ ఇరుక్కుంటుంది. స్టోరేజీ గేటు దగ్గర బస్తా దిగేటప్పుడు ఈ డబ్బా ఉంటే నీళ్లు చల్లిన సంగతి కూడా బయటపడుతుంది.

శారద_డిజైన్

అక్కడే నాకు సందేహం. కల్లంలో డబ్బా రైతు చేతిలో ఉన్నంతసేపు అది అతని నిర్ణయానికి సాయం. గేటు దగ్గర పెడితే అదే డబ్బా అతని సరుకును వెనక్కి పంపే సాక్ష్యం. డబ్బు ఇచ్చేది స్టోరేజీ అయితే వినియోగదారు మారతాడు, మీరు రాసుకున్న సమస్య వాక్యమూ మారుతుంది. గేటు దగ్గర బస్తాలు దించుకునేవారిని ఎంపథైజ్ దశలో మీరు ఒక్కసారి కూడా కలవలేదు. ధర నిర్ణయించే ముందు అక్కడ ఒక పూట నిలబడి చూడండి.

ఆటోనగర్_వర్క్‌షాప్

నాకు ఇందులో తేడా కనిపించడం లేదు మేడమ్. నిమ్ము కాయను గేటు దగ్గర ఆపినా, కల్లంలో ఆపినా బూజు తగ్గుతుంది కదా. డబ్బు ఇచ్చేవారికి అమ్మితేనే వ్యాపారం నిలబడుతుంది.

లాంరోడ్డు_టీమ్

మాలో ఇద్దరు స్టోరేజీకి అమ్మాలంటున్నారు, ఇద్దరు కూలీలు వచ్చే వేళ, నీళ్లు చల్లడం మీదే మళ్లీ మొదటి నుంచి పని చేద్దామంటున్నారు. పెద్దావిడ కల్లంలో ఆఖరి కోత ఈ వారమే ఎత్తుతారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక పది బస్తాలు మాతోనే ఎత్తించడానికి ఒప్పుకున్నారు. నీళ్లు చల్లకుండా ఎత్తిన బస్తాల్లో ఎన్ని కాయలు విరిగాయో, చల్లిన బస్తాల్లో ఎన్ని విరిగాయో తూచి ఇక్కడే రాస్తాం. స్టోరేజీ గేటు దగ్గర నిలబడడానికి అనుమతి కోసం మిగతా ఇద్దరూ రేపు వెళుతున్నారు.